యాభై ఐదు మీద వణికే ముల్లు

మా తుమ్మలకుంట్లలో కురుమయ్య గురించి అడిగితే ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెబుతారు. మీరు మాత్రం నేను చెప్పేదే నమ్మండి. బడిని నేను ఐదో తరగతిలోనే వదిలేశాను. బడే నన్ను పట్టి ఉంచలేకపోయిందంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. మా నాయిన మగ్గం ముందు కూచోమంటే నడుము నొప్పి వచ్చేది, పంపుహౌసు గడప మీద కూచుంటే ఏ నొప్పీ ఉండేది కాదు. అట్లా కూచుని కురుమయ్యను చూస్తూ నేను నేర్చిన చదువు హైదరాబాదు పోయినవాళ్ళకు కూడా రాలేదని నా నమ్మకం.

కురుమయ్యది చెరువు కింది వాడ. గుంటెడు భూమి లేదు. మీసాలు రాకముందునుంచే పర్వతాలు పటేలు బావి దగ్గర మోట తోలాడు. ఎడ్లు వాలులో దిగుతుంటే తాడు మీద కూచుని, కళ్ళు మూసుకుని, కింద తోలుబొక్కెన నిండిందా, చిల్లిపడి కారుతుందా, రాయికి తట్టిందా చెప్పేవాడు. తాడు బిగువులో ఆ సంగతులన్నీ తెలిసేవట. బిగువుగా ఉండి సన్నగా వణికితే నిండు బొక్కెన. వదులై ఎగిరెగిరి పడితే ఒట్టి బొక్కెన. "తాడు మాట్లాడుతది గండయ్యా, మనమే ఇనం" అనేవాడు నాతో. గండయ్యను నేనే.

పంతొమ్మిది వందల అరవై దాటిన ఏడాదికో మరుసటేడుకో మా ఊరికి నల్లాలు వచ్చాయి. చెరువుగట్టు మీద పంపుహౌసు, అందులో నూనె ఇంజను, దానికి పట్టా వేసి తిప్పే పంపు, గుట్ట మీద ట్యాంకు, నడుమ పొడుగాటి ఇనుప గొట్టం. ఊళ్ళో నాలుగు మూలల నాలుగు నల్లాలు, పర్వతాలు పటేలు వాకిట్లో అయిదోది. గొట్టాలు మోయడానికి పోయిన కూలీల్లో కురుమయ్య ఒకడు. మిగతావాళ్ళు మోసి ఇంటికి పోయేవారు. ఇతను మోసి, ఆ గొట్టం ఎందుకో, ఆ చీల ఎందుకో అడుగుతూ ఫిట్టరు ప్రాణం తీసేవాడు. చివరికి ఫిట్టరు విసుగెత్తి అన్నీ నేర్పేసి వెళ్ళిపోయాడు. నేర్పకపోతే వదలడని అతనికి అర్థమైంది.

అమరేందర్ అని కుర్ర ఓవర్సీరు ఉండేవాడు. ఆయన కురుమయ్యను పంపు నడిపే పనిలో పెట్టాడు, పక్కా కాకుండా, చూద్దాం అన్నట్టుగా. పర్వతాలు పటేలు తన అక్క కొడుకును పెట్టించాలనుకున్నాడు. ఆ కొడుకుకు ఇంజను చప్పుడంటేనే భయం, అది వేరే సంగతి. "ఒక్కపొద్దు ట్యాంకు నిండకపోయినా గాణ్ణి దింపుత" అని పటేలు చావడిలో అందరి ముందర అన్నాడు. ఓవర్సీరు "గట్లనే పటేలా" అన్నాడు. కొత్తగా వచ్చినవాడు, మరేమంటాడు? ఆ మాట కురుమయ్య మెడ మీద కత్తిలా వేలాడుతుండేది. ఆ పని పోతే మళ్ళీ మోటే. వాడ నుంచి సర్కారు పనికి ఎక్కినవాళ్ళలో కురుమయ్యే మొదటివాడు.

ఇక ముల్లు సంగతి. పంపు నుంచి గుట్టకు పోయే గొట్టం మొదట్లో, జొన్నరొట్టెకన్నా చిన్నదిగా, గుండ్రటి అద్దం బిళ్ళ ఉండేది. లోపల సున్నా నుంచి నూరు దాకా అంకెలు, నడుమ ఒక ముల్లు. నీళ్ళు ఎంత తోపుడు మీద ఉన్నాయో చెప్పే గడియారమది. లెక్క పౌండ్లలో. లోపల ఏముందని నేనడిగితే కురుమయ్య, ఫిట్టరు పారేసిన పాత బిళ్ళ ఒకటి తెచ్చి విప్పి చూపాడు. ఆవుకొమ్ములా వంగిన ఇత్తడి గొట్టం. ఒక కొస మూసి ఉంది. నీళ్ళు లోపలికి తోస్తే ఆ వంపు కొంచెం సాగాలని చూస్తుంది. ఆ సాగే కొసకు చిన్న పళ్ళచక్రం తగిలి ముల్లును తిప్పుతుంది. నేను మాత్రం ఊళ్ళో అందరికీ లోపల నత్తగుల్ల ఉందని, రోజూ దానికి ఇంత బెల్లం పెడతామని చెప్పాను. ఇద్దరు ముగ్గురు బెల్లం తెచ్చారు కూడా. తిన్నదెవరో అడగకండి.

"ముల్లు యాభై ఐదు కాడ ఉండాలె" అని కురుమయ్య నాకు పాఠం చెప్పేవాడు. "గుట్ట మీది దాకా నీళ్ళ బరువే నలభై పౌండ్లు. గొట్టం రాపిడికి పదిహేను. రెండూ కలిస్తే గదీ."

"డెబ్బై చూపెడుతాంది గదా ఇప్పుడు?"

"వాల్వు ఇంక తిప్పలే. పోయే తొవ్వ మూసి తిప్పితే పంపు తన బలమంత చూపెడుతది. జర ఆగు." వాల్వు చక్రం మెల్లగా తిప్పేవాడు. నీళ్ళు గొట్టంలోకి సాగుతుంటే ముల్లు డెబ్బై నుంచి దిగుతూ దిగుతూ యాభై ఐదు దగ్గర నిలబడేది. నిలబడేదంటే కదలకుండా కాదు, నీళ్ళకుండ మీద చెయ్యి పెడితే తెలిసేటంత సన్నగా వణుకుతూ ఉండేది.

ఒకనాడు ఆ వణుకు కూడా లేకుండా నిలబడితే, "ఎంత బుద్ధిమంతమైన ముల్లు!" అని మెచ్చుకున్నాను నేను. కురుమయ్య లేచి వచ్చి అద్దాన్ని వేలి కణుపుతో కొట్టి చూశాడు. బిళ్ళలోకి నీళ్ళు పోనిచ్చే చిన్న చీలను అంతకుముందు తుడిచేటప్పుడు నేనే మూసేశాను. "పంపు నడుస్తుంటే కదలని ముల్లు సచ్చిన ముల్లు. దాన్ని నమ్మితే మనం సస్తం" అన్నాడు. తెరిస్తే మళ్ళీ వణికింది.

ఎండకాలంలో ఈతచెట్ల కాడ ఎవరిదో బండిచక్రం ఎక్కి గొట్టం పగిలింది. అప్పుడు ముల్లు ముప్ఫై దగ్గరికి దిగి అక్కడే నింపాదిగా కూచుంది. ఇంజను మాత్రం మూలుగుతూ నల్లటి పొగ కక్కింది. గుట్ట ఎక్కాల్సిన నీళ్ళు సగం తొవ్వలోనే సులువుగా పారిపోతుంటే పంపు ఎక్కువెక్కువ నీళ్ళు తోస్తుందట, ఆ బరువు ఇంజను మీద పడుతుందట. కురుమయ్య ఒక్కసారి చూసి, ఒక్కసారి విని, పార తీసుకుని సక్కగా ఈతచెట్ల కాడికే పోయాడు. ఆ తర్వాత ఆయనకు కొంచెం పొగరు తలకెక్కింది. నిజం చెప్పాలి కదా. "ముల్లు నాకు తెల్వని మాట చెప్పదు" అని కల్లు దుకాణంలో అనడం నా చెవులతోనే విన్నాను. గొప్పలు చెప్పుకోవడం మంచిది కాదని నేనే మందలించాను.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. చెరువు వెనక్కి జరిగింది. పెద్దరేవు దగ్గర తప్ప లోతు లేదు. పెద్దరేవంటే ఊరిది. వాడవాళ్ళు అందులో కాలు పెట్టకూడదు, వాళ్ళ రేవు తూము అవతల. పంపు నీళ్ళు పీల్చే గొట్టం కొస మాత్రం పెద్దరేవు లోతులోనే ఉండేది. దాన్ని దించినప్పుడు గట్టు మీద నిలబడి తాడు పట్టినవాడు కురుమయ్య, నీళ్ళలో దిగినవాళ్ళు వేరే.

సద్దుల బతుకమ్మ అయింది. ఊరి ఆడవాళ్ళంతా ఆడిపాడి పెద్దరేవులోనే బతుకమ్మలను వదిలారు. ఇంటింటికి ఒకటి, కొందరికి తల్లీపిల్లా అని పెద్దదీ చిన్నదీ రెండు. మా చిన్నమ్మ రాజమణి పేర్చినది నా నడుమెత్తు. మీరు నమ్మకపోతే నడుమెత్తు కాదు, మోకాలెత్తు.

తెల్లారి కురుమయ్య ఇంజను తిప్పాడు. ముల్లు డెబ్బైకి పోయింది. వాల్వు తిప్పితే యాభై ఐదుకు దిగింది. అంతా బాగుందని నేను పళ్ళపుల్ల నోట్లో పెట్టుకున్నానో లేదో, ముల్లు నలభైకి పడింది. ఇరవైకి. మళ్ళీ నలభై ఐదుకు ఎగిరింది. మళ్ళీ పడింది. పూనకం వచ్చిన మనిషిలా ఊగుతోంది. పంపు పొట్టలో ఎవరో కంకర పోసి తిప్పుతున్నట్టు చప్పుడు. గుట్ట గొట్టంలో నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే మూత టకటక కొట్టుకుంటోంది.

"గాలి గుంజుతాంది" అన్నాడు కురుమయ్య, ఆలోచించే పనే లేదన్నట్టు. "గ్లాండు కాడ." గ్లాండంటే పంపు ఇరుసు బయటికి వచ్చే చోట నూలుతాడు కుక్కి బిగించే మెడ. అక్కడ చుక్కచుక్కగా నీళ్ళు పడుతుండాలి. అప్పుడే ఇరుసు చల్లగా ఉంటుంది. కురుమయ్య పానా తీసుకుని చుక్క పడకుండా బిగించాడు. ముల్లు ఊగుడు ఆగలేదు. కాసేపటికి మెడ దగ్గర కమురు వాసన, సన్నటి పొగ. సరిగ్గా అప్పుడే అమరేందర్ సారు సైకిలు గోడకు ఆనించి లోపలికి వచ్చాడు.

"ఏంది కురుమయ్యా, ఇరుసు కాలవెడుతున్నవా?"

కురుమయ్య ముఖం నల్లబడింది. గబగబా గ్లాండు వదులు చేశాడు. చుక్కలు పడ్డాయి, పొగ ఆగింది. ముల్లు మాత్రం దాని ఆట అదే ఆడుతోంది.

"నల్లాల నీళ్ళు లెవ్వు. గొట్టం పలిగిందేమో, పోయి సూడు" అన్నాడు సారు.

"పలిగితే ఇంజను మూలుగుతది సారు. ఇనుండ్రి."

ముగ్గురం విన్నాం. ఇంజను మూలగడం లేదు. ఎడ్లకు కాడి దించినంత తేలికగా, పొగ లేకుండా, దడదడా పోతోంది.

ఓవర్సీరు తల గీక్కున్నాడు. "అవును, ఉత్తగ తిరుగుతాంది. అంటే నీళ్ళు ముందల పోతలేవని కాదు. ఎనుకనుంచి వస్తలేవు." ఆయన కళ్ళలో ఏదో వెలిగింది. "ఒక్కసారి బందు పెట్టి మల్ల సురూ చెయ్యి."

ఆపారు. చీకటి గొట్టాల్లో నీళ్ళు సద్దుమణిగేదాకా ఆగి మళ్ళీ తిప్పారు. డెబ్బై. వాల్వు తిప్పితే యాభై ఐదు. నిక్కచ్చిగా, సన్నగా వణుకుతూ! నేను చప్పట్లు కొట్టాను. కొడుతుండగానే ముల్లు పడిపోయి ఊగడం మొదలుపెట్టింది.

"మల్లొక్కసారి" అన్నాడు సారు.

మళ్ళీ అంతే. మొదట మంచిగా, తర్వాత పూనకం. పండుగపూట ఊరంతా దూపతో ఉంటే వీళ్ళిద్దరూ కొత్త ఆట దొరికిన పిల్లల్లా ఆ బిళ్ళకు ముక్కులు ఆనించి కూచున్నారు.

"ఆపితే నయమైతాంది, నడిస్తే రోగమొస్తాంది" అన్నాడు సారు. "గొట్టం పలిగితే నయంగాదు."

"గ్లాండుల గాలైనా నయంగాదు" అన్నాడు కురుమయ్య మెల్లగా. అది ఒప్పుకోవడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకే తెలుసు. "మోటబొక్కెన మూతికి ఏదన్న అడ్డం పడితే గిట్లనే ఐతది. గుంజినప్పుడు అంటుకుంటది, వదిలితే ఊడిపోతది. ఏదో అంటుకుంటాంది సారు. గొట్టం మూతికి."

"ఏమంటుకుంటది? జల్లెడ ఉన్నది గదా."

ఆ జల్లెడకే ఏదో అంటుకుందని తెలిసింది కాని, అదేమిటో ఇద్దరికీ తోచలేదు. అప్పుడు కురుమయ్య భార్య నాగులమ్మ సద్ది తెచ్చింది. తలుపు కాడే నిలబడి, "ఏమయ్యో, ఒక్క ముచ్చట" అంది. "మా దిక్కు రేవుల ఏసిన పువ్వులు ఇంక తేలుకుంటనే ఉన్నయి. పెద్దరేవు కాడ అంతమంది ఏసిండ్రు, ఒక్క పువ్వు కానొస్తలేదు. నీళ్ళు ఒక్కదిక్కు గుండ్రంగ తిరుగుతున్నయి. ఎవలెత్తుకపోయిండ్రు పువ్వులను?"

కురుమయ్య, సారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ పంపు వంక చూశారు, అది దొంగతనం చేసి దొరికిపోయినట్టు.

గట్టు మీదికి పరుగెత్తి చూశాం. నిజమే. నీళ్ళు తక్కువైనందున పీల్చే గొట్టం మూతికి పైన లోతు చాలక, పంపు నడుస్తుంటే చిన్న సుడి తిరుగుతోంది. తేలే తంగేడు, గునుగు, కట్ల పువ్వులను ఆ సుడి కిందికి లాగుతోంది. బతుకమ్మ అడుగున పరిచే గుమ్మడాకులైతే వెడల్పాటివి, జల్లెడకు అట్టముక్కల్లా అంటుకుంటాయి. పంపు ఆగితే పట్టు వదిలి జారతాయి. నడిస్తే మళ్ళీ వచ్చి మూతి మూస్తాయి. అట్లా మూసినప్పుడు పంపుకు నీళ్ళు చాలవు, పొట్టలో నీళ్ళు నురగై పగులుతుంటే ఆ కంకర చప్పుడు, ముల్లు ఊగుడు.

రోగం తెలిసింది. మందు ఒక్కటే. ఎవరో ఒకరు దిగి జల్లెడ మీది ఆకులను వలవాలి.

అప్పటికే పర్వతాలు పటేలు వచ్చాడు, వెనక ఖాళీ బిందెలతో సగం ఊరు. "సూసినవా ఓవర్సీరు సాబ్, పండుగపూట నీళ్ళు లెవ్వు. నేను ముందే జెప్పిన. వీణ్ణి దింపు" అన్నాడు.

"గొట్టం మూతికి ఆకులు పట్టినయి పటేలా" అన్నాడు సారు. "కురుమయ్య దిగి తీస్తడు."

"యాడ దిగుతడు? పెద్దరేవులనా?" పటేలు గొంతు మారింది. "బెస్తోళ్ళకు కబురు పెట్టు."

"బెస్తోళ్ళు పండుగకు నార్కట్‌పల్లి పోయిండ్రు" అని గుంపులోంచి ఎవరో అన్నారు.

"వచ్చేదాక ఆగుండ్రి. ట్యాంకు నిండలేదు గాబట్టి వీడు మాత్రం పనిలకెల్లి ఇయ్యాల్నే దిగుడు."

 చావడిలో అన్న మాట సారుకు గుర్తుంది. ఆయనా ఊరికి కొత్త, ఉద్యోగానికి కొత్త. కురుమయ్య ఎవరినీ చూడలేదు. పంపుహౌసులోకి పోయి ఇంజను ఆపాడు. ఇంజను తిప్పే ఇనుప పిడిని ఊడబెరికి తెచ్చి నాగులమ్మ చేతికి ఇచ్చాడు. "నేను పైకొచ్చేదాక ఇది ఎవలకియ్యకు. గండయ్యకు అసలే ఇయ్యకు" అన్నాడు. పంపు నడిస్తే నీళ్ళలో ఉన్నవాడి చెయ్యి ఆ జల్లెడకు అంటుకుపోతుంది. నేను పిడి ముట్టుకోనని ఎన్ని ఒట్లు పెట్టినా ఆమె దాన్ని చంకలో పెట్టుకుని నావైపు అనుమానంగా చూస్తూనే ఉంది.

కురుమయ్య అంగీ విప్పాడు.

"ఏంరా, చెవులు పనిజేస్తలెవ్వా?" అన్నాడు పటేలు.

"పనిజేస్తున్నయి పటేలా. గొట్టానికి ఒక కొస గీ రేవుల ఉన్నది, ఇంకో కొస మీ వాకిట్ల ఉన్నది. నడుమ పొద్దుగాల్నుంచి నేనున్న. వాల్వు నేనే తిప్పుత, గ్లాండు కాడ కారే నీళ్ళల్ల నా చేతులే తడుస్తయి. గా నీళ్ళే మీరు తాగుతున్నరు. నాకు తెల్వక అడుగుత, గిప్పుడు కొత్తగ ఏం మైలవడుతది?"

అది ఎదురు మాటలా లేదు. ముల్లు ఎందుకు పడిందని అడిగినప్పుడు ఎట్లా అడిగేవాడో అట్లాగే, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.  పటేలు నోరు తెరిచేలోపు మా చిన్నమ్మ రాజమణి బిందెను ఠంగుమని గట్టు మీద పెట్టి, "జెప్పు పర్వతాలూ, మాకూ తెల్సుకోవాలని ఉన్నది. ఎండెక్కుతాంది" అంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

నవ్వు ఆగేసరికి కురుమయ్య మెట్లు దిగి నీళ్ళలో ఉన్నాడు.

మునిగాడు. గుమ్మడాకులు గుత్తులుగా పైకి వచ్చాయి. తేలాడు, ఊపిరి పీల్చాడు, మళ్ళీ మునిగాడు. గునుగుపూల ముద్దలు, తంగేడు రెమ్మలు, ఒక రాగి తట్ట కూడా వచ్చింది. అది ఎవరిదో ఇప్పటికీ తగువు తేలలేదు. చివరికి తలనిండా పసుప్పచ్చటి పూలతో లేచి నిలబడితే పిల్లలు "బతుకమ్మ! బతుకమ్మ!" అని అరిచారు. నాగులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు ఆపుకోవడానికో, మరి దేనికోసమో నేను అడగలేదు.

సారు అప్పటికే నలుగురు మొగవాళ్ళతో వెదురు తడికలు తెప్పించాడు. మూతి చుట్టూ దడిలా పాతాలని ఆయన అంటే, దూరంగా పాతాలని కురుమయ్య అన్నాడు. దగ్గరైతే ఆకులు తడికకు కూడా అంటుకుంటాయి, దూరమైతే అక్కడ గుంజుడు మెత్తగా ఉంటుంది. సారు ఒక్క క్షణం ఆలోచించి, "దూరంగనే" అన్నాడు.

తడిగుడ్డలతోనే వచ్చి కురుమయ్య పిడి తిప్పాడు. ఊరంతా పంపుహౌసు తలుపు దగ్గర కిక్కిరిసింది. ఇన్నాళ్ళూ ఆ బిళ్ళ వంక ఒక్కరూ చూసినవారు కారు. ముల్లు డెబ్బైకి ఎక్కింది. వాల్వు తిరిగింది. అరవై ఐదు, అరవై, యాభై ఐదు.  ఇందాక పడిపోయిన ఆ కాస్త వ్యవధి వచ్చింది, దాటిపోయింది. ఇంజను బరువు మోస్తున్న గొంతుతో నిలకడగా కొట్టుకుంటోంది. ముల్లు అక్కడే ఉంది.

"గిప్పుడెంత?" అని అడిగాడు పర్వతాలు పటేలు, అందరికన్నా వెనకనుంచి, మునివేళ్ళ మీద లేచి.

"యాభై ఐదు" అన్నాడు కురుమయ్య.

"వణుకుతాంది గదా?"

"వణకాలె పటేలా. వణికితెనే బతికున్నట్టు."

 అక్క కొడుకు మాట పటేలు ఆ పూట ఎత్తలేదు. అమరేందర్ సారు ట్యాంకు నిండేదాకా ఉండి, పోయేటప్పుడు, "పక్కా చేయించే పని నాది" అని కురుమయ్యతో అందరూ వినేలా అన్నాడు. చేయించాడు కూడా.

పెద్దరేవు గురించి మాత్రం చావడిలో తీర్మానాలేమీ జరగలేదు. ఎవరూ సరే అనలేదు, ఎవరూ వద్దనలేదు. కాని మరుసటేడు సద్దులకు ముందు తడికలు సరిచేయాలి కదా, కురుమయ్య దిగాడు. సాయానికి వాడనుంచి తమ్ముళ్ళు ఇద్దరు దిగారు. సాయంత్రం ఆడవాళ్ళు బతుకమ్మలను ఎత్తుకుని వచ్చేసరికి పంపు ఆపి, మెట్ల మీద నిలబడి ఉన్నాడు. అందరికన్నా ముందు మా చిన్నమ్మ ఆగి, "కురుమయ్యా, యాడ ఎయ్యాలె?" అని అడిగింది.

కురుమయ్య చెయ్యెత్తి, తడికకు అవతల, నీళ్ళు కదలని చోటు చూపించాడు. బతుకమ్మలన్నీ వరసగా అటే పోయాయి.